రిపోర్టులో హిమోగ్లోబిన్ పక్కన ఉండే "సాధారణ పరిధి"ని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

ప్రశ్న: "నాకు 34 ఏళ్లు, మహిళను. ఒకే వారంలో రెండు ల్యాబుల్లో పరీక్ష చేయించుకుంటే రెండు చోట్లా హిమోగ్లోబిన్ 11.8 వచ్చింది. ఒకరి రిపోర్టులో పరిధి 12.0–15.0, పక్కన 'తక్కువ' అనే గుర్తు. ఇంకొకరి రిపోర్టులో 11.5–16.0, ఏ గుర్తూ లేదు. మా వారికి 13.4, సాధారణమే అని ఉంది. రెండు నెలల మా పాపకు 10.1 ఉంటే డాక్టరు గారు మామూలే అన్నారు. 3,500 మీటర్ల ఎత్తులో ఏడాదిగా ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి 17.6, అదీ మామూలే అన్నారు. అసలు ఏది సాధారణమో ఎవరు నిర్ణయిస్తారు? ఎవరి మాట నమ్మాలి?"

సమాధానం:

పరిధిని ప్రతి ల్యాబూ తానే నిర్ణయించుకుంటుంది, లేదా వేరొకరు నిర్ణయించినదాన్ని పరీక్షించి స్వీకరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని ఎంచుకుని, వారి రక్తం పరీక్షించి, వచ్చిన విలువల్లో మధ్యనున్న 95 శాతాన్ని తీసుకుని దాన్నే "సాధారణ పరిధి" అని ముద్రిస్తుంది. కింది చివర రెండున్నర శాతం, పై చివర రెండున్నర శాతం ఆరోగ్యవంతులే అయినా పరిధి బయట పడతారు. ఎంచుకున్న మనుషులు మారితే పరిధి కూడా మారుతుంది. వయసు, లింగం, నివసించే ఎత్తు అన్నవి ఏ మనుషులతో ఎవరిని పోల్చాలో చెప్పే విషయాలు. అందుకే మీ ఇంట్లో నలుగురికీ నాలుగు రకాల జవాబులు వచ్చాయి.

ఇందులోనే మరో సంగతి ఉంది. ల్యాబు ఇలా తీసే సాధారణ పరిధి, అంటే రిఫరెన్స్ పరిధి వేరు, రక్తహీనత అని తేల్చే గీత వేరు. మొదటిది "మీలాంటి ఆరోగ్యవంతుల్లో ఈ విలువ ఎంతవరకు కనిపిస్తుంది" అని చెబుతుంది. రెండోది "ఇంతకంటే తగ్గితే పట్టించుకోవాలి" అని వైద్యరంగం పెట్టుకున్న హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులు కాని మహిళలకు 12.0, పురుషులకు 13.0 గ్రాములు (డెసిలీటరు రక్తంలో) అని పెట్టిన గీతలు 1968 నాటి నివేదిక నుంచి వస్తున్నవి. 2024లో సవరించిన మార్గదర్శకాల్లోనూ పెద్దవారికి అవే ఉంచారు. మీ మొదటి ల్యాబు కింది హద్దు 12.0 ఈ గీతతో కలుస్తోంది. రెండో ల్యాబు తాను ఎంచుకున్న మనుషుల నుంచి 11.5 తీసుకుని ఉండవచ్చు. రిపోర్టులో రెండింటినీ ఒకే గడిలో, ఒకే పేరుతో ముద్రిస్తారు కాబట్టి చదివేవారికి తేడా తెలియదు. నా వృత్తిలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

యంత్రాల తేడా వల్ల పరిధులు మారాయేమో అని చాలామంది అనుకుంటారు. కొన్ని హార్మోన్ పరీక్షల్లో అది నిజం. హిమోగ్లోబిన్ విషయంలో కాదు. 1960ల నుంచే దీనికి అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి ఉంది: హిమోగ్లోబిన్‌ను సయనైడ్‌తో సయన్‌మెట్‌హిమోగ్లోబిన్‌గా మార్చి 540 నానోమీటర్ల కాంతిలో కొలవడం. ఇప్పటి యంత్రాలు సయనైడ్ వాడకపోయినా వాటి క్రమాంకనం ఆ ప్రమాణంతోనే ముడిపడి ఉంటుంది. అందుకే రెండు ల్యాబుల్లో మీకు ఒకే అంకె వచ్చింది. కొలతలో తేడా లేదు, పోల్చిన గుంపులోనే తేడా.

ఆ గుంపును ఎలా తయారుచేస్తారు

ల్యాబుల ప్రమాణాలు రూపొందించే సి.ఎల్.ఎస్.ఐ. అనే సంస్థ మార్గదర్శకం ప్రకారం ఒక్కో వర్గానికి కనీసం 120 మంది కావాలి. ముందు ప్రశ్నావళి ఇస్తాం. ఈ మధ్య జబ్బు చేసిందా, రక్తదానం చేశారా, గర్భవతా, పొగ తాగుతారా, ఏ మందులు వాడుతున్నారు, ఎంత ఎత్తున్న ప్రదేశంలో ఎన్నాళ్లుగా ఉంటున్నారు అని అడుగుతాం. పొగ తాగేవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ కొంత హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది, ఆ లోటు తీర్చడానికి శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది, కాబట్టి వారిని పక్కన పెడతాం. గర్భిణుల్లో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా ఎర్రకణాల కంటే ఎక్కువగా పెరిగి రక్తం పలుచబడుతుంది, కాబట్టి వారికి వేరే హద్దులు ఉంటాయి. రక్తం తీసేటప్పుడు అందరినీ కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, ఒకే తీరులో తీస్తాం. నిలబడి ఉన్న మనిషి పడుకుంటే అరగంటలోపే ప్లాస్మా రక్తనాళాల్లోకి తిరిగి చేరి హిమోగ్లోబిన్ అర గ్రాము వరకు, కొందరిలో అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. మంచం మీద ఉన్న రోగి నమూనాను, నడిచి వచ్చి కూర్చున్న ఆరోగ్యవంతుల పరిధితో పోల్చినప్పుడు ఈ తేడా ఎక్కడా కనిపించకుండా అంకెలో కలిసిపోతుంది.

తర్వాత లెక్క. అంకెలు అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 20 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న 120 మంది మహిళల విలువలు వచ్చాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెడతాం. 120కి ఒకటి కలిపి 0.025తో గుణిస్తే 3.025 వస్తుంది. అంటే కింది నుంచి మూడో మనిషి విలువే కింది హద్దు. అలాగే పై హద్దు 118వ మనిషి విలువ. కింది ఏడుగురి విలువలు ఇలా ఉన్నాయనుకుందాం: 10.6, 11.0, 11.3, 11.4, 11.5, 11.7, 11.8. మూడోది 11.3. కింది హద్దు అదే.

ఇంత పెద్ద నిర్ణయం ఒక్క మనిషి విలువ మీద నిలబడిందా అనిపిస్తే, ఆ అనుమానం సరైనదే. వేరే 120 మందిని పిలిస్తే మూడో స్థానంలో వేరే అంకె వచ్చేది. అందుకే హద్దుకు కూడా ఒక అనిశ్చితి లెక్కిస్తారు. 120 మంది ఉన్నప్పుడు కింది హద్దు 90 శాతం నమ్మకంతో మొదటి విలువకూ ఏడో విలువకూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మన ఉదాహరణలో అది 10.6 నుంచి 11.8 వరకు. రిపోర్టు మీద ముద్రించిన హద్దు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది గానీ, దాని వెనుక ఇంత వెడల్పు దాగి ఉంది. 120 కంటే తక్కువ మంది ఉంటే ఈ పద్ధతిలో ఆ అనిశ్చితిని లెక్కించడమే కుదరదు. 120 అనే అంకె వచ్చింది అందుకే.

"ఆరోగ్యవంతులు" అంటే ఎవరు?

నా దృష్టిలో ఈ వ్యవహారమంతటిలో అత్యంత కీలకమైన ప్రశ్న ఇదే. లెక్క ఎంత శుద్ధంగా చేసినా, వరుసలో నిలబెట్టిన మనుషులు తప్పయితే హద్దూ తప్పవుతుంది.

పై ఉదాహరణనే ఇంకొంచెం ముందుకు తీసుకెళదాం. ఆ 120 మందీ తమకు ఏ జబ్బూ లేదన్నారు, ఎవరూ మందులు వాడటం లేదు. ఇప్పుడు వారందరికీ ఫెరిటిన్ పరీక్ష కూడా చేశాం. ఫెరిటిన్ శరీరంలో నిల్వ ఉన్న ఇనుమును సూచిస్తుంది. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఇనుము నిల్వలు అయిపోయినట్టే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 30 మందిలో అలా తక్కువ వచ్చిందనుకుందాం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇనుము లోపం నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది, అలసటకు మనిషి అలవాటు పడిపోతుంది, అడిగితే బాగానే ఉన్నానంటుంది.

ఆ 30 మందిని తీసేసి, ఫెరిటిన్ సరిగా ఉన్న మరో 30 మందిని చేర్చి మళ్లీ వరుస పెడతాం. ఇప్పుడు కింది విలువలు 11.4, 11.8, 12.0, 12.1 ఇలా మొదలయ్యాయనుకోండి. మూడోది 12.0. యంత్రం అదే, పద్ధతి అదే, లెక్క అదే. కింది హద్దు మాత్రం 11.3 నుంచి 12.0కి పెరిగింది. మీ 11.8ని మొదటి గుంపు పక్కన పెడితే ఏ గుర్తూ పడదు, రెండో గుంపు పక్కన పెడితే "తక్కువ" అని పడుతుంది. మీ రెండు రిపోర్టుల మధ్య తేడా ఇలా కూడా వచ్చి ఉండవచ్చు.

ఇనుము లోపం ఎక్కువగా ఉన్న జనాభా నుంచి ఫెరిటిన్ చూడకుండా మనుషులను ఎంచుకుంటే, ఆ లోపమే పరిధిలోకి చొరబడి "సాధారణం" అయిపోతుంది. మహిళల కింది హద్దుల మీద ఇప్పటికీ నడుస్తున్న చర్చకు మూలం ఇదే. "మహిళల్లో తక్కువే ఉంటుంది లెండి" అనే మాటలో కొంత జీవశాస్త్రం, కొంత పట్టించుకోని ఇనుము లోపం కలిసిపోయి ఉన్నాయి. ఆ రెండింటినీ విడదీయకుండా హద్దు గీయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఇనుము లోపంతో పాటు, హిమోగ్లోబిన్ తయారీని పుట్టుకతోనే తగ్గించే తలసీమియా జన్యువులు తరచుగా కనిపించే జనాభాలో వాటిని మోసేవారినీ గుర్తించి తీసేయాలి.

మరి జీవశాస్త్రం వాటా ఎంత?

ఉంది, తక్కువేమీ కాదు. పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ హిమోగ్లోబిన్‌లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఆ వయసుకు ల్యాబులు ఒకే పరిధి ఇస్తాయి. యుక్తవయసులో మగపిల్లల గీత పైకి లేస్తుంది, ఆడపిల్లల గీత దాదాపు అక్కడే ఉండిపోతుంది. పెద్దవారయ్యేసరికి రెండు సగటుల మధ్య ఒకటిన్నర గ్రాములకు అటూఇటూగా తేడా మిగులుతుంది.

దీనికి నెలసరి రక్తస్రావమే కారణమని చాలామంది చెబుతారు. అది సగం సమాధానమే. ప్రధాన కారణం టెస్టోస్టెరాన్. అది ఎర్రకణాల తయారీని నడిపే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ద్వారా ఎముక మజ్జను ఎక్కువ ఎర్రకణాలు చేయమని ప్రేరేపిస్తుంది. ఇనుము రక్తంలోకి రాకుండా ఆపే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను కూడా తగ్గిస్తుంది. ఇది ఊహ కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సలో భాగంగా టెస్టోస్టెరాన్‌ను అణచివేసిన పురుషుల్లో రక్తస్రావం ఏదీ లేకుండానే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. నెలసరి ఆగిపోయిన మహిళల్లో తేడా కొంత తగ్గినా పూర్తిగా చెరిగిపోదు. హార్మోన్ చికిత్స తీసుకుంటున్న ట్రాన్స్ వ్యక్తుల్లో కొన్ని నెలల్లోనే విలువ ఆ హార్మోన్‌కు తగిన పరిధిలోకి జరుగుతుంది, కాబట్టి వారి రిపోర్టులో దరఖాస్తు మీద రాసిన లింగాన్ని కాక హార్మోన్ స్థితిని చూసి పరిధి ఎంచుకోవాలి.

ఒక తేడా కనిపించినంత మాత్రాన ల్యాబు పరిధిని రెండుగా విడగొట్టదు. విడగొట్టకపోతే ఏమవుతుందో చూస్తుంది. స్త్రీ పురుషులకు కలిపి ఒకే పరిధి పెడితే, ఆరోగ్యంగా ఉన్న మహిళలు చాలామంది కింద పడతారు, రక్తహీనత ఉన్న పురుషులు చాలామంది పరిధి లోపలే దాక్కుంటారు. ఉమ్మడి హద్దు బయట ప్రతి వర్గం నుంచీ రెండున్నర శాతమే పడాల్సింది పోయి, ఒక వర్గం నుంచి బాగా ఎక్కువ, మరో వర్గం నుంచి దాదాపు ఎవరూ లేకుండా పోతే అప్పుడు విడగొడతారు. హిమోగ్లోబిన్‌లో పెద్దవారి విషయంలో ఇది ఎప్పుడూ విడగొట్టాల్సిన పరిస్థితే.

పాప సంగతి

గర్భంలో శిశువు తక్కువ ఆక్సిజన్‌లో పెరుగుతుంది. దానికి తగినట్టు ఎర్రకణాలు ఎక్కువగా తయారవుతాయి, పుట్టినప్పుడు హిమోగ్లోబిన్ 16, 17 గ్రాముల దగ్గర ఉండటం మామూలు. మొదటి శ్వాసతోనే ఆక్సిజన్ ఒక్కసారిగా పెరుగుతుంది. "ఇక చాలు" అన్నట్టు ఎరిత్రోపోయిటిన్ దాదాపు ఆగిపోతుంది. నవజాత శిశువుల ఎర్రకణాలు పెద్దవారి కణాల్లా 120 రోజులు బతకవు, ఇంకా ముందే నశిస్తాయి. కొత్తవి రావడం లేదు, పాతవి పోతున్నాయి, శరీరం వేగంగా పెరుగుతూ రక్తం పరిమాణం పెరుగుతోంది. మూడూ కలిసి ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య విలువ అడుగుకు చేరుతుంది. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన పిల్లల్లో కూడా అప్పుడు 9.5 నుంచి 11 మధ్య కనిపించడం సహజం. అక్కడికి చేరాక ఎరిత్రోపోయిటిన్ మళ్లీ మేల్కొంటుంది, విలువ పైకి వస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఈ అడుగు ఇంకా ముందుగా, ఇంకా లోతుగా వస్తుంది.

కాబట్టి మీ పాప 10.1 సరిగ్గా ఆ లోయలో ఉంది. అదే 10.1 రెండేళ్ల పిల్లలో కనిపిస్తే రక్తహీనతే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు వారికి గీత 11.0. 2024 మార్గదర్శకంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని 10.5కు తగ్గించారు. ఆరు నెలల లోపు పిల్లలకు ఆ పట్టికలో గీతే లేదు. ఈ లోయ వల్ల ఒక్క అంకెతో గీత గీయడం కష్టం.

ఇక్కడ ల్యాబులు నిజంగా ఇబ్బంది పడతాయి. రెండు నెలల వయసున్న 120 మంది ఆరోగ్యవంతమైన పిల్లల నుంచి, కేవలం పరిధి కోసం, రక్తం తీయడానికి ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు? పైగా శిశువుల్లో వారం వారం విలువ మారుతుంది, కాబట్టి ఒక్క వర్గం సరిపోదు. అందుకే చాలా ల్యాబులు పెద్ద అధ్యయనాలు ప్రచురించిన పట్టికలు వాడతాయి. కెనడాలోని కాలిపర్ ప్రాజెక్టు అలాంటిది. కొన్ని ల్యాబుల కంప్యూటర్లలో ఆరు నెలల లోపు వయసుకు విడి పరిధులు నమోదు చేయకపోవడం నేను చూశాను. అప్పుడు పాప రిపోర్టు మీద ఏడాది పిల్లల పరిధి పడి "తక్కువ" అని వస్తుంది, ఇంట్లో అందరికీ కంగారు. పసిపిల్లల రిపోర్టు తీసుకున్నప్పుడు పరిధి పక్కన వయసు రాసి ఉందో లేదో చూడండి.

వృద్ధాప్యం గురించి ఒక్క మాట. వయసు మళ్లిన వారిలో సగటు కొంత తగ్గుతుంది, ముఖ్యంగా పురుషుల్లో. కానీ ఆ తగ్గుదలలో మూత్రపిండాల బలహీనత, దీర్ఘకాల వాపు జబ్బులు, కడుపులో రక్తస్రావం వంటివి ఎంత, కేవలం వయసు ఎంత అన్నది విడదీయడం కష్టం. అందుకని వృద్ధులకు తక్కువ హద్దు పెట్టడం నాకు ఇష్టం లేదు. పెడితే దొరకాల్సిన జబ్బు దొరకకుండా పోతుంది.

ఎత్తు సంగతి

3,500 మీటర్ల ఎత్తులో గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువే ఉంటుంది. మూత్రపిండాల్లోని కణాలు దీన్ని పసిగట్టి ఎరిత్రోపోయిటిన్ పెంచుతాయి. ఆ పసిగట్టే యంత్రాంగాన్ని కనుగొన్నందుకే 2019లో కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

పైకి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లోనే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది. అది కొత్త కణాల వల్ల కాదు. ప్లాస్మా తగ్గి రక్తం చిక్కబడటం వల్ల. నిజమైన ఎర్రకణాల పెరుగుదలకు వారాలు పడుతుంది. కిందికి దిగితే మళ్లీ వారాల్లో తగ్గుతుంది. అందుకే రక్తం ఎక్కడ తీశారన్నది కాదు, మనిషి గత కొన్ని నెలలుగా ఎక్కడ ఉంటున్నాడన్నది ల్యాబుకు కావాలి. దరఖాస్తు ఫారాల్లో ఈ గడి చాలా అరుదుగా ఉంటుంది. కొండ మీద తీసిన నమూనాను కింది ల్యాబుకు పంపితే, ఆ ల్యాబు తన కింది ప్రాంతపు పరిధినే ముద్రిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 పట్టికలో ఎత్తును బట్టి సవరణలు ఉన్నాయి. 500 మీటర్ల నుంచే అవి మొదలవుతాయి, అక్కడ 0.4 గ్రాములు. 3,500 నుంచి 3,999 మీటర్ల వరకు 2.5 గ్రాములు. కొలిచిన విలువ నుంచి దీన్ని తీసేసి సాధారణ గీతతో పోల్చాలి. మీ తమ్ముడి 17.6 నుంచి 2.5 తీస్తే 15.1. ఏ ఇబ్బందీ లేదు.

ఈ లెక్క అసలు విలువ దీని తలకిందుల సందర్భంలో తెలుస్తుంది. అదే ఎత్తులో ఏడాదిగా ఉంటున్న మరో యువకుడికి 13.8 వచ్చిందనుకోండి. కింది ప్రాంతపు పరిధి 13.0–17.0 పక్కన అది నిక్షేపంగా కనిపిస్తుంది. 2.5 తీస్తే 11.3. అది రక్తహీనత. 17.6కు "ఎక్కువ" అని పడితే ఎవరో ఒకరు అడుగుతారు. 13.8కు ఏ గుర్తూ పడదు కాబట్టి ఎవరూ అడగరు. ఎత్తైన చోట్ల ప్రమాదమంతా ఈ కనిపించని వైపే ఉంది.

ఈ సవరణకు కూడా ఒక పరిమితి ఉంది. ఆండీస్ పర్వతాల్లో తరతరాలుగా నివసించేవారిలో ఎత్తుతో హిమోగ్లోబిన్ బాగా పెరుగుతుంది. టిబెట్ పీఠభూమి ప్రజల్లో 4,000 మీటర్ల దగ్గర కూడా అది సముద్రమట్టపు విలువలకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆక్సిజన్‌ను పసిగట్టే యంత్రాంగంలోని జన్యువులు వారిలో వేరుగా ఎంపికయ్యాయి, ముఖ్యంగా ఈపీఏఎస్‌1. ఒకే ఎత్తు, ఒకే సవరణ, రెండు వేర్వేరు శరీరాలు. టిబెటన్ పురుషుడి 15.0 నుంచి రెండున్నర తీసి రక్తహీనత అనడం సరికాదు. పై వైపూ గీత ఉంది. ఎత్తైన చోట్ల దీర్ఘకాలం ఉండేవారిలో పురుషులకు 21, మహిళలకు 19 గ్రాములు, అంతకంటే ఎక్కువైతే దీర్ఘకాల పర్వత వ్యాధిని అనుమానిస్తారు. మీ తమ్ముడు దానికి చాలా దూరంలో ఉన్నాడు. తలనొప్పి, నిద్రపట్టకపోవడం, పెదవులు నీలంగా మారడం వంటివి ఉంటే మాత్రం అంకెతో నిమిత్తం లేకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

చిన్న ల్యాబులు ఏం చేస్తాయి?

ప్రతి ల్యాబూ 120 మందిని వెతకలేదు. ఇప్పటికే ఉన్న పరిధిని తీసుకుని తన మనుషులకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఆరోగ్యవంతులైన 20 మందిని పరీక్షించాలి. ఇద్దరి వరకు పరిధి బయట పడితే స్వీకరించవచ్చు. ముగ్గురో నలుగురో పడితే మరో 20 మందితో మళ్లీ చూడాలి. ఐదుగురు, అంతకంటే ఎక్కువైతే ఆ పరిధి మీ జనాభాకు చెందదు. పరిధి నిజంగా సరైనదే అయినా ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది బయట పడే అవకాశం నూటికి ఏడెనిమిది ఉంటుంది, అందుకే ఒక్కసారి విఫలమైతే కొట్టేయరు.

ఈ పద్ధతి బలహీనత కూడా చెప్పాలి. అది పరిధి మరీ ఇరుకుగా ఉంటే పట్టుకుంటుంది, మరీ వెడల్పుగా ఉంటే పట్టుకోదు. 11.5–16.0 అని వెడల్పుగా పెడితే ఇరవై మందిలో ఇరవై మందీ లోపలే ఉంటారు, పరీక్ష నెగ్గినట్టే. బయట పడినవారెంతమంది అని మాత్రమే కాకుండా, ఆ 20 విలువలు పరిధిలో ఎక్కడ గుమిగూడాయో కూడా చూడమని నా దగ్గర పనిచేసేవారికి చెబుతాను. అన్నీ పై సగంలోనే ఉంటే కింది హద్దు మరీ కిందికి ఉందని అర్థం.

మీ వారి 13.4 గురించి

మీరు దీన్ని అడగలేదు గానీ, నలుగురిలో నేను రెండోసారి చూసేది దీన్నే. ఒక మనిషిలో హిమోగ్లోబిన్ రోజుకూ రోజుకూ పెద్దగా మారదు, ఊగిసలాట మూడు శాతం లోపే. మనుషుల మధ్య తేడా దానికి రెట్టింపు కంటే ఎక్కువ. అంటే ప్రతి మనిషికీ తనదైన ఇరుకైన పరిధి ఒకటి ఉంటుంది, ల్యాబు ముద్రించే విశాలమైన పరిధిలో అది ఒక చిన్న ముక్క. కొలత లోపాన్ని కూడా కలిపి లెక్కిస్తే, రెండు పరీక్షల మధ్య ఎనిమిది శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే అది సహజమైన ఊగిసలాట కాదని అనుకోవచ్చు. 15.5 దగ్గర అది దాదాపు 1.2 గ్రాములు. మీ వారికి ఎప్పుడూ 13.5 చుట్టూనే ఉంటే 13.4లో ఏమీ లేదు. రెండేళ్ల కిందట 15.5 ఉండి ఇప్పుడు 13.4 అయితే, రెండు రిపోర్టులూ "సాధారణం" అన్నా, రెండు గ్రాముల హిమోగ్లోబిన్ ఎక్కడికి పోయిందో వెతకాల్సిందే. పాత రిపోర్టులు వెతికి పక్కన పెట్టి చూడండి.

మీ విషయంలో 11.8 ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కింద, స్వల్ప రక్తహీనతగా లెక్కించే భాగంలో ఉంది. రెండో ల్యాబు గుర్తు పెట్టలేదని వదిలేయకండి. ఫెరిటిన్ చేయించుకోండి. జ్వరం గానీ, ఒంట్లో వాపు గానీ ఉంటే ఫెరిటిన్ ఇనుము తక్కువగా ఉన్నా పెరిగినట్టు చూపిస్తుంది, కాబట్టి దానితోపాటు ఆ వాపును చూపే సీఆర్పీ పరీక్ష కూడా చేయిస్తే అంకెను నమ్మవచ్చు. రిపోర్టులో ఎర్రకణాల సగటు పరిమాణం చూపే ఎంసీవీ కూడా ఉంటుంది. అది తక్కువగా ఉండి ఫెరిటిన్ బాగానే ఉంటే తలసీమియా లక్షణం కోసం చూడమని డాక్టరును అడగండి. ఇనుము మాత్రలు మాత్రం ఫెరిటిన్ చూడకముందే మొదలుపెట్టవద్దు, తర్వాత చేసే పరీక్ష అర్థం లేకుండా పోతుంది.

రెండు ల్యాబులనూ ఒక ప్రశ్న అడగండి: "మీ మహిళల పరిధి ఎక్కడి నుంచి తీసుకున్నారు, మీ దగ్గర ఎప్పుడు సరిచూశారు?" వైద్య ల్యాబుల నాణ్యతా ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 15189 గుర్తింపు ఉన్న ల్యాబు తన పరిధికి ఆధారం ఏమిటో రాసి ఉంచుకోవాలి, అడిగినవారికి చెప్పాలి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది అనేదే జవాబైతే, ఆ పుస్తకంలోని మనుషులు ఎవరో కూడా అడగండి.